జపాన్ నుంచి వచ్చిన కారులో స్క్రీన్ భాష, యూనిట్లు, గడియారం: ఏది మారుతుంది, ఏది మారదు?

రేవంత్_డ్రైవ్
జపాన్ నుంచి దిగుమతైన సెడాన్. కంపెనీ బిగించిన నావిగేషన్ యూనిట్టే ఉంది, అంతా జపనీస్‌లోనే. గడియారం ఇక్కడి టైమ్ కంటే ఆరు గంటలు ముందు చూపిస్తోంది. చేత్తో సరిచేస్తే కాసేపు బాగానే ఉంటుంది, బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పాత కథే. మీటర్ మధ్యలో ఉన్న చిన్న తెర కూడా జపనీస్‌లోనే ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

టార్క్_బాబు
బ్రో, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెట్టండి. అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వచ్చేస్తాయి, అప్పుడు భాష అడుగుతుంది. అడగకపోతే ఎగుమతి మోడల్ ఫర్మ్‌వేర్ దొరికించుకుని యూఎస్‌బీలో వేసి ఎక్కించేయడమే.

వైరింగ్_వాసు
రేవంత్ గారూ, దయచేసి బ్యాటరీ జోలికి వెళ్ళకండి. జపాన్ మార్కెట్ టొయోటా నావిగేషన్ యూనిట్లలో చాలావాటికి సెక్యూరిటీ లాక్ ఉంటుంది. కరెంటు పోయి తిరిగి వస్తే తెర మీద ERC అంటూ ఒక నంబర్ చూపించి, దానికి సరిపోయే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ లేకపోతే ఇప్పుడు పనిచేస్తున్న ఆడియో కూడా పోతుంది. మ్యాప్ ఎస్‌డీ కార్డు కూడా అంతే, ఊరికే ఉంది కదా అని తీయకండి. కొన్ని యూనిట్లు ఆ కార్డు లేకుండా ముందుకు కదలవు.

ఇంకో సంగతి, ఫ్యాక్టరీ రీసెట్‌తో ఫ్యాక్టరీ పెట్టిన స్థితే వస్తుంది. అది పెట్టిందే జపనీస్ అయితే ఏం వస్తుంది చెప్పండి?

మీ సమస్య నిజానికి మూడు వేర్వేరు పెట్టెల్లో ఉంది. నావిగేషన్ స్క్రీన్ ఒకటి, మీటర్ తెర ఇంకొకటి, జీపీఎస్ నుంచి వచ్చే టైమ్ మూడోది. ఒకటి మారితే మిగతావి వాటంతటవే మారతాయని అనుకోవద్దు. ముందు స్క్రీన్ మెనూ చూడండి. చదవడం రాకపోయినా ఈ ఆకారాలు గుర్తుపడితే చాలు:

```
設定   సెట్టింగ్స్
言語   భాష
時計   గడియారం
自動   ఆటోమేటిక్
戻る   వెనక్కి
初期化 మొత్తం చెరిపేయడం (నొక్కొద్దు)
```

設定 లోపల 言語 అనే వరుస ఉంటే అదృష్టం. అందులో English అని లాటిన్ అక్షరాల్లోనే రాసి ఉంటుంది. ఆ వరుసే లేకపోతే ఆ ఫర్మ్‌వేర్‌లో వేరే భాష పెట్టలేదని అర్థం, ఎక్కడో దాచి ఉంచారని కాదు. వెతకడం అక్కడితో ఆపేయొచ్చు.

రేవంత్_డ్రైవ్
設定 దొరికింది. లోపల 言語 లేదు. 時計 ఉంది, అందులో 12, 24 గంటల ఎంపిక, 自動 అని ఒక వరుస ఉన్నాయి. కానీ 自動 బూడిద రంగులో ఉంది, నొక్కితే చలనం లేదు.

వైరింగ్_వాసు
సరే, గడియారం ముందు చూద్దాం. ఒక పరీక్ష చేయండి. ఫోన్ టైమ్ పక్కన పెట్టి నిమిషాలు పోల్చండి. ఫోన్‌లో 14:10 ఉన్నప్పుడు కారులో సరిగ్గా 20:10 చూపిస్తే, అంటే నిమిషాలు తు.చ. తప్పకుండా సరిపోయి గంటలు మాత్రమే తేడా ఉంటే, టైమ్ ఉపగ్రహాల నుంచి వస్తోందన్నమాట. ఉపగ్రహం ఇచ్చే టైమ్‌కి యూనిట్ జపాన్ లెక్క ప్రకారం 9 గంటలు కలుపుతోంది. మీరున్న చోట కలపాల్సింది 3, అందుకే ఆరు గంటల తేడా. నిమిషాలు కూడా తేడాగా ఉంటే అది లోపలి గడియారమే, మామూలుగా సరిచేస్తే నిలబడుతుంది.

కొన్ని యూనిట్లలో జీపీఎస్ టైమ్ మీద గంటలు కలిపే, తీసే వరుస ఉంటుంది. అది ఉంటే పని అయిపోయినట్టే. కానీ ఒక్కో గంట చొప్పునే కదిలే రకమైతే అరగంట తేడా ఉన్న ప్రాంతాల్లో ఎప్పుడూ 30 నిమిషాలు తప్పే చూపిస్తుంది, దానికి మందు లేదు.

మైలేజ్_మాధవి
నాది అమెరికా మోడల్, గడియారం బాధ దాదాపు ఇదే. టైమ్ జోన్ జాబితాలో హవాయి, పసిఫిక్, సెంట్రల్, ఈస్టర్న్ లాంటివే ఉంటాయి, బయటి ప్రాంతాలు లేవు. ఆటో ఆఫ్ చేసి చేత్తో పెడితే నిలిచింది. డేలైట్ సేవింగ్ కూడా విడిగా ఆఫ్ చేయాలి, లేదంటే ఏడాదికి రెండుసార్లు గంట జరిగిపోతుంది.

అసలు చిక్కు మైళ్ళతో. స్క్రీన్‌లో కిలోమీటర్లు పెట్టాక మీటర్‌లో ట్రిప్, సగటు ఇంధనం మారాయి. ఓడోమీటర్ మాత్రం మైళ్ళలోనే ఉంది. రేవంత్ గారూ, మీకూ ఇలాగే ఉందా?

రేవంత్_డ్రైవ్
లేదండీ, నాది అంతా కిలోమీటర్లే. ఇంధనం km/L చూపిస్తోంది.

టార్క్_బాబు
మాధవి గారూ, ఓడోమీటర్ యూనిట్ మార్చడం అంటే రీడింగ్ ట్యాంపరింగే. అమ్మేటప్పుడు ఇబ్బంది.

వైరింగ్_వాసు
బాబూ, సగం కరెక్టే. యూనిట్ మారిస్తే లోపల దాచిన దూరం మారదు, చూపించే పద్ధతి ఒక్కటే మారుతుంది. 62,000 మైళ్ళు ఉన్న బండి 99,779 కిలోమీటర్లు చూపించాలి. అలా కాకుండా అదే 62,000 పక్కన km అని వస్తే మాత్రం అది తేడా వ్యవహారం. అమ్మేటప్పుడు గొడవ వస్తుందన్న మాట నిజం, కాబట్టి మార్చడానికి ముందు, తర్వాత ఒక్కో ఫొటో తీసి బండి కాగితాలతో పెట్టుకోండి. కొన్ని మోడళ్లలో ఓడోమీటర్‌ని కావాలనే మెనూకి అందకుండా పెడతారు. మాధవి గారి బండి ఆ రకంలా ఉంది.

ఇంకో మాట, అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటన్ గాలన్ 4.546 లీటర్లు. మెనూలో mpg (US), mpg (UK) రెండూ కనిపిస్తే పొరపాటున ఒకదానికి బదులు ఇంకోటి పెట్టి "మైలేజ్ ఇరవై శాతం పెరిగింది" అని సంబరపడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మైలేజ్_మాధవి
మరి స్పీడు ముల్లు? డయల్ మీద పెద్ద అంకెలు mph, చిన్నవి km/h. కన్ను పెద్దవాటి మీదకే పోతుంది.

ఓబీడీ_ప్రసాద్
డయల్ మీద అచ్చు వేసింది సాఫ్ట్‌వేర్‌తో మారదమ్మా. మీటర్ తెరలో డిజిటల్ స్పీడు పెట్టుకోవడం తేలిక. అది km/h లో సరిగ్గా చూపిస్తోందా అని అనుమానం ఉంటే డయాగ్నోస్టిక్ సాకెట్‌కి ELM327 రీడర్ పెట్టి చూడండి. బండి ఏ దేశానిదైనా ఇంజన్ కంప్యూటర్ ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ km/h లోనే ఇస్తుంది:

```
> 010D
41 0D 3C
```

చివరి 3C అంటే 60 km/h. మీటర్ ముల్లు దాని కంటే కొంచెం ఎక్కువ చూపించడం మామూలే. కానీ 37 చూపిస్తుంటే అది ఇంకా మైళ్ళలోనే ఉన్నట్టు.

సీతారామ్_గ్యారేజ్
నా ప్రశ్న కూడా ఇక్కడే. జపాన్ బండే. స్క్రీన్ తీసేసి ఆండ్రాయిడ్ యూనిట్ పెట్టాం, అంతా ఇంగ్లీష్. అయినా తాళం తిప్పగానే ఒక ఆడ గొంతు జపనీస్‌లో ఏదో చెబుతోంది. కొత్త యూనిట్‌లో భాష సెట్టింగ్ ఇంకా ఎక్కడైనా ఉందా?

వైరింగ్_వాసు
అది స్క్రీన్ గొంతు కాదు సార్, ETC పెట్టె. జపాన్ టోల్ గేట్ల కోసం బిగించేది. కార్డు పెట్టలేదని చెబుతోంది. స్టీరింగ్ కింద ప్యానెల్‌లోనో, గ్లోవ్ బాక్స్‌లోనో చిన్న పెట్టె, కార్డు దూరే సందు, ETC అని అక్షరాలు ఉంటాయి. దాని కనెక్టర్ ఊడదీస్తే ఆ గొంతు ఆగిపోతుంది. వైరు కోయొద్దు, కనెక్టర్ చాలు.

అన్నట్టు ఆండ్రాయిడ్ యూనిట్ పెట్టేవాళ్ళకి ఒక జాగ్రత్త. టొయోటా ఫ్రేమ్ 200 మిల్లీమీటర్ల వెడల్పు, మామూలు డబుల్ డిన్ 178. పక్కల ఖాళీకి స్పేసర్లు కావాలి. ఇంకా, కంపెనీ రివర్స్ కెమెరా చాలా టొయోటాల్లో 6 వోల్టులది, దానికి నేరుగా 12 వోల్టులు ఇస్తే కాలిపోతుంది. అడాప్టర్ పెట్టండి.

సీతారామ్_గ్యారేజ్
దొరికింది, గ్లోవ్ బాక్స్ వెనక. నోరు మూసింది. థాంక్స్ అన్నా.

రేవంత్_డ్రైవ్
నిమిషాలు పోల్చాను. సరిగ్గా సరిపోయాయి, గంటలే తేడా. గంటలు కలిపే వరుస ఎక్కడా లేదు. 自動 బూడిద రంగులోనే ఉంది. ఇప్పుడు?

వైరింగ్_వాసు
అయితే జీపీఎస్ యాంటెన్నా కనెక్టర్ ఊడదీయడమే మిగిలింది. యూనిట్ బయటికి లాగి, వెనక సన్నటి నల్ల కేబుల్ చివర ఉన్న చిన్న ప్లగ్ తీయాలి. యూరప్ బండ్లలో నీలం రంగు FAKRA ప్లగ్ అయితే అదే జీపీఎస్. జపాన్ వాటిలో రంగు మీద ఆధారపడకండి, డ్యాష్ పైనున్న యాంటెన్నా నుంచి వైరు పట్టుకుని రండి. లాగేటప్పుడు యూనిట్ మెయిన్ పవర్ కనెక్టర్ ఊడకూడదు, ERC గొడవ అక్కడే మొదలవుతుంది. ప్లగ్ తీశాక టైమ్ చేత్తో పెట్టండి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూడండి. నిలబడితే సరే. ఇక లోపలి గడియారమే నడుస్తుంది కాబట్టి అప్పుడప్పుడు ఒకటి రెండు నిమిషాలు సరిచేయాల్సి వస్తుంది. మ్యాప్ జపాన్‌ది మాత్రమే కనుక నష్టం లేదు.

ఓబీడీ_ప్రసాద్
నేను ఒప్పుకోను వాసూ. కొత్త బండ్లలో అత్యవసర కాల్ వ్యవస్థ కూడా అదే యాంటెన్నా వాడుకోవచ్చు. ఊడదీస్తే మీటర్‌లో హెచ్చరిక లైటు రావచ్చు. ముందు ఆ వైరు ఎన్ని పెట్టెలకి వెళ్తుందో వైరింగ్ బొమ్మలో చూసుకోవాలి. రేవంత్ గారూ, రూఫ్ లైట్ దగ్గర SOS బటన్ ఉందా?

రేవంత్_డ్రైవ్
లేదండీ.

ఓబీడీ_ప్రసాద్
అయితే మీ బండికి ఆ భయం తక్కువ. SOS ఉన్నవాళ్ళు మాత్రం తొందరపడొద్దు.

టార్క్_బాబు
ఫర్మ్‌వేర్ ఎక్కించే దారి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫలానా మోడల్‌కి ఇంగ్లీష్ వచ్చిందని వీడియోలు ఉన్నాయి.

ఓబీడీ_ప్రసాద్
ఉన్నాయి, కొన్నిటికి నిజమే. కానీ జపాన్ యూనిట్, ఎగుమతి యూనిట్ బయటికి ఒకేలా ఉన్నా లోపల రేడియో ట్యూనర్ వేరు. జపాన్‌లో ఎఫ్ఎం 76 నుంచి 95 మెగాహెర్ట్‌జ్, మిగతా చాలా చోట్ల 87.5 నుంచి 108. ఫర్మ్‌వేర్ మార్చినంత మాత్రాన ట్యూనర్ కూడా మారుతుందని నమ్మకం లేదు. వెనక స్టిక్కర్ మీద ఉన్న పార్ట్ నంబర్‌లో చివరి అక్షరం వరకు సరిపోయిన ఉదాహరణ దొరికితేనే ఆలోచించండి. ఎక్కించేటప్పుడు బ్యాటరీకి స్థిరంగా కరెంటు ఇచ్చే చార్జర్ తగిలించాలి. మధ్యలో వోల్టేజ్ పడితే యూనిట్ మళ్ళీ లేవదు.

వైరింగ్_వాసు
నా ఓటు కొత్త యూనిట్‌కే, కంపెనీ స్క్రీన్‌తో కుస్తీ పట్టను. ప్రసాద్ ఒప్పుకోడు, అది వేరే సంగతి.

రేవంత్_డ్రైవ్
ప్లగ్ తీసి టైమ్ పెట్టాను, రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా నిలబడింది. మీటర్ తెర మాత్రం 燃費 అంటూనే ఉంది. దానికి దారి ఉందా?

ఓబీడీ_ప్రసాద్
మీటర్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌తో సంబంధం లేనిది. టొయోటా అయితే Techstream సాఫ్ట్‌వేర్‌లో Customize కింద మీటర్ ఎంపికలు చూడండి. భాష వరుస అక్కడ కనిపిస్తే మార్చొచ్చు, ముందు ఉన్న విలువలన్నీ రాసి పెట్టుకోండి. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళకైతే VCDS లో మీటర్ 17, స్క్రీన్ 5F, రెండూ వేర్వేరు చిరునామాలు. మీ మోడల్, సంవత్సరం చెప్పండి. ఆ మీటర్‌లో భాష వరుస చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాస్తారు.