టీకాల యాప్‌లో ఎర్ర గుర్తు, ఊళ్ళో అమ్మమ్మకి టెన్షన్

వైట్‌ఫీల్డ్_నాన్న: పాప మార్చి 3న మా అత్తగారి ఊళ్ళో, నెల్లూరు పక్కన పుట్టింది. ఆరు వారాల టీకాలు ఏప్రిల్ 14న పడాలి. జ్వరం వల్ల 28న అక్కడి పీహెచ్‌సీలోనే వేయించాం. ఇప్పుడు బెంగళూరు వచ్చేశాం. యాప్ మాత్రం రెండో డోసు మే 12కే అంటోంది. అదే లాగిన్ అత్తగారికీ ఇచ్చాను, పొద్దున్నే ఫోన్ చేసి "ఇంకా వేయించలేదా నాయనా" అంటున్నారు. తేదీ కరెక్టేనా? పెద్దవాళ్ళకి చూడ్డానికి మాత్రమే ఇచ్చే యాప్ ఏదైనా ఉందా?

మడివాళ_మామ్: లాగిన్ మాత్రం ఇవ్వకండి! మా మామయ్యగారు రిమైండర్ రాగానే "వేయించాం" మీద నొక్కేశారు. ఆయన ఉద్దేశం "చూశాను" అని. యాప్ ఇక ఆ టీకా గురించి నోరెత్తలేదు. క్లినిక్కులో కార్డు తిప్పి చూస్తే గానీ తెలియలేదు.

పెరంబూర్_శ్రీ: యాప్ తేదీయే కరెక్ట్. ఆలస్యమైతే కోర్సు మళ్ళీ మొదటి నుంచి వేయాలి. మా కజిన్‌కి ఎవరో చెప్పారు.

రిటైర్డ్_సిస్టర్: ఎవరో చెప్పారట! వార్డుల్లో టీకాలు వేసి వేసి రిటైరయినదాన్ని, నేను చెప్తున్నా వినండి. ఆలస్యమైతే మొదటి నుంచి వేయరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. ఇబ్బందల్లా తొందరపడితేనే. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ డోసుల మధ్య కనీసం నాలుగు వారాలుండాలి. ఏప్రిల్ 28న వేసి మే 12న మళ్ళీ వేస్తే రెండు వారాలే, ఆ డోసు లెక్కలోకి రాకపోవచ్చు. మీ పాపకి రెండోది మే 26న గానీ ఆ తర్వాత గానీ, అది 26నే పడితే మూడోది జూన్ 23న గానీ ఆ తర్వాత గానీ. మీ యాప్ పుట్టిన తేదీ నుంచే లెక్కేస్తోంది. వేయించిన అసలు తేదీ ఎక్కించి చూడండి. తర్వాతి తేదీ మారలేదంటే ఆ యాప్‌ని నమ్మొద్దు. ఇంకోటి, మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదు బాబూ.

కోరమంగళ_టెకీ: అసలు ప్రైవేటులో పెయిన్‌లెస్ వేయిస్తే జ్వరం గొడవే ఉండదు కదా.

వైట్‌ఫీల్డ్_నాన్న: సార్, జ్వరం టీకాకి ముందే వచ్చింది. అందుకే ఆగాం.

అన్నానగర్_అమ్మ: మాదీ యాప్ బాధే. పదో వారం టీకాలు గవర్నమెంటులోనే వేయించాం. న్యుమోనియా టీకా పీసీవీ ఎదురుగా మాత్రం "మిస్డ్" అని ఎర్రగా ఉంది. వేయడం మర్చిపోయారా?

రిటైర్డ్_సిస్టర్: మర్చిపోలేదమ్మా. గవర్నమెంటు షెడ్యూల్లో పీసీవీ ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తర్వాత తొమ్మిది నెలలకి. పదో వారంలో లేనే లేదు. మీ యాప్ పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ షెడ్యూల్ పెట్టుకుని ఉంటుంది. అందులో ఆరు, పది, పద్నాలుగు, ఆపైన రెండో ఏట బూస్టర్.

కోరమంగళ_టెకీ: అంటే ఫ్రీగా ఇచ్చేచోట ఒక డోసు మింగేశారన్నమాట.

రిటైర్డ్_సిస్టర్: మాట జాగ్రత్త. రెండు డోసులు, ఒక బూస్టర్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. డబ్బు పెట్టినంత మాత్రాన మీ వాడి టీకా బంగారం కాదు.

కోరమంగళ_టెకీ: నేను బంగారం అన్నానా? నాలుగు మూడు కంటే ఎక్కువ అన్నాను. మా డాక్టరు నాలుగే మేలన్నారు.

మడివాళ_మామ్: మీ ఇద్దరూ వేరే చోట తేల్చుకోండి, ప్లీజ్.

అన్నానగర్_అమ్మ: ఇప్పుడు ప్రైవేటుకి మారితే ఆ పదో వారం డోసు వేస్తారా, వదిలేస్తారా? అది ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్_సిస్టర్: కార్డు తీసుకెళ్ళి డాక్టరుకే చూపించండి. బిడ్డ వయసు చూసి వాళ్ళే చెప్పాలి.

హోసూర్‌రోడ్_రవి: గవర్నమెంటు టీకాల పోర్టల్ యూ-విన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా బాబుది ఊళ్ళో మా బావమరిది నంబరుతో రిజిస్టర్ చేశారు. నేను లాగిన్ అవ్వాలంటే ఓటీపీ ఆయనకి వెళ్తుంది, ఆయనేమో నైట్ డ్యూటీ. పైగా ఇక్కడి క్లినిక్కు వాళ్ళు వేసినవి ఎక్కించనే లేదు. కార్డు పారేయకండి.

మడివాళ_మామ్: వైట్‌ఫీల్డ్ గారూ, మేం చివరికి గూగుల్ క్యాలెండర్‌లో టీకాలకి విడిగా ఒకటి పెట్టాం. పెద్దవాళ్ళకి See all event details వరకే ఇచ్చాం, ఏదీ మార్చలేరు. అయితే షేర్ చేస్తే సరిపోదు. వాళ్ళ ఫోన్ మోగాలంటే ఆ క్యాలెండర్‌కి నోటిఫికేషన్ వాళ్ళ ఫోన్‌లోనే పెట్టాలి. తేదీ మారినప్పుడల్లా మనమే దిద్దుకోవాలి.

వైట్‌ఫీల్డ్_నాన్న: థాంక్సండీ. మే 26 అని అత్తగారికి చెప్పాను. "యాప్‌లో 12 అనే ఉందిగా, నువ్వెవరు మార్చడానికి" అంటున్నారు. సిస్టర్ గారి మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపాను.

పెరంబూర్_శ్రీ: రిమైండర్ తెలుగులో చదివి వినిపించే యాప్ ఏదైనా ఉందా? మా నాయనమ్మకి కళ్ళు సరిగా కనపడవు.