గ్లూటమేట్‌తో చనిపోతున్న హెచ్‌టీ22 కణాలను ఎంకే-801 ఎందుకు కాపాడడం లేదు?

విజయనగరంలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నాను. పక్షవాతంలో రక్తం అందని చోట గ్లూటమేట్ పొంగి, ఎన్‌ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుని, కాల్షియం లోపలికి వరదలా వచ్చి న్యూరాన్లు చనిపోతాయి. ఆ మరణాన్ని ప్లేటులో చూపించి, ఒక మొక్క సారం దాన్ని ఆపుతుందేమో పరీక్షించాలి.

హెచ్‌టీ22 కణాలకు 5 మిల్లీమోలార్ గ్లూటమేట్ ఇచ్చాను. 24 గంటల తర్వాత ఎంటీటీ పరీక్షలో సగానికి పైగా చనిపోయాయి. ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూసే ఎంకే-801ను అరగంట ముందే 10 మైక్రోమోలార్ ఇచ్చినా తేడా లేదు. కొత్త సీసా తెప్పించాను. మెగ్నీషియం లేని మీడియంలో గ్లైసిన్ కలిపి కూడా చూశాను. అదే ఫలితం. ఎన్-అసిటైల్ సిస్టెయిన్ ఇస్తే మాత్రం దాదాపు అన్నీ బతికాయి.

మైక్రోస్కోపులో ఆరు గంటల దాకా కణాలు చక్కగా పరుచుకునే ఉన్నాయి. ఆ తర్వాతే గుండ్రంగా ముడుచుకుని ఊడిపోయాయి. అసలు న్యూరాన్లకైతే 100 మైక్రోమోలార్ గ్లూటమేట్ ఐదు నిమిషాలు తగిలినా చాలు. కాబట్టి ఇక్కడ గ్లూటమేట్ సిస్టీన్ రాకను అడ్డుకోవడంతో గ్లూటాథయోన్ అడుగంటి కణాలు చనిపోతున్నాయని నా అనుమానం. అదే నిజమైతే నా ప్రయోగం పక్షవాతం గురించి ఏమీ చెప్పదు, ఆ బాధతోనే అడుగుతున్నాను.

ఎలుక పిల్లల నుంచి న్యూరాన్లు తీయడానికి మాకు అనుమతి లేదు. ఎంకే-801 నిజంగా కాపాడినట్టు మీరు స్వయంగా చూసిన కణాలు ఏవి, వాటిని ఎన్ని రోజులు, దేనితో డిఫరెన్షియేట్ చేశారు?