ఇచ్చిన నంబరు సెల్లా, ల్యాండ్‌లైనా, ఉత్తుత్తి నంబరా?

మాది అమలాపురం దగ్గర. పూతరేకులు, తాండ్ర ఆన్‌లైన్‌లో అమ్ముతాం. కొత్తగా ఖాతా తెరిచినవారికి తొలి ఆర్డరుపై తగ్గింపు ఉంది, చిక్కంతా దానితోనే: ఒకరే వేర్వేరు నంబర్లతో ఖాతాలు తెరిచి దాన్ని మళ్లీ మళ్లీ వాడుకుంటున్నారు.

ముందు ‘6 నుంచి 9తో మొదలయ్యే పది అంకెలైతే సెల్లే’ అనుకున్నాను. ఒక పెద్దాయన దుకాణం ల్యాండ్‌లైన్‌ను సున్నా లేకుండా 88562xxxxx అని ఇచ్చారు. మా ఎస్టీడీ కోడ్ 08856 కదా, అచ్చం సెల్ నంబరులాగే ఉంది! ఓటీపీ రాక పాపం ఆయన మూడుసార్లు ప్రయత్నించారు. ఇప్పుడు నంబరు ఏ రకమో చెప్పే libphonenumber లైబ్రరీ పెట్టాక ఇలాంటివి చాలావరకు తేలుతున్నాయి.

తేలనివి +1 నంబర్లు. అమెరికాలో సెల్‌కూ ల్యాండ్‌లైన్‌కూ వేరే వరుసలు లేవు కాబట్టి FIXED_LINE_OR_MOBILE అనే వస్తుంది. ఒకే చిరునామాకు అలాంటి ఐదు నంబర్లతో తగ్గింపు వాడుకున్నారు. ఓటీపీలూ సరిగ్గానే కొట్టారు. అలాగని +1ను ఆపేస్తే, అక్కడినుంచి ఇక్కడి అమ్మానాన్నలకు పంపించే పిల్లలు పోతారు.

నంబరు ఏ కంపెనీ చేతిలో ఉందో చెప్పే డబ్బు సేవలు ఎవరైనా వాడారా? అవి అసలైన సెల్‌ను ఇంటర్నెట్‌లో తీసుకునే వర్చువల్ నంబరని పొరబడటం ఎంత తరచుగా జరుగుతుంది? లేక నంబరు వదిలేసి, చిరునామాకు ఒక్క తగ్గింపు అని పెట్టడమే మేలా?