రోజువారీ చిరాకుల్లోంచి కొత్త వస్తువులు: నమ్మి దిగొచ్చా?

శ్రావ్య (వరంగల్), ప్రశ్న:
కొత్తగా ఏదైనా తయారు చేయాలంటే, ముందు మీకు రోజూ విసుగు తెప్పించేవి రాసుకోండి, ఐడియా అందులోనే దొరుకుతుంది అంటారు. నేనూ నా ఫ్రెండూ రాసుకున్నాం. జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది మిద్దె మీద ట్యాంకు నిండి నీళ్లు పొర్లిపోవడం. దీన్ని నమ్మి ఆరు నెలలు పెట్టొచ్చా? లేక ఈ పద్ధతి గెలిచినవాళ్లు తర్వాత చెప్పుకునే కథేనా?

రాజేష్ కె.:
నిస్సంకోచంగా పెట్టండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు బస్సు టికెట్ దొరక్కే ఫణీంద్ర సామాకు రెడ్‌బస్ ఆలోచన వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు నేతకు ముందు దారం తిప్పే ఆసు పనితో తల్లి లక్ష్మి గారికి వచ్చే భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చిరాకు ఎంత గట్టిదైతే ఐడియా అంత గట్టిది. నలుగురినీ అడుగుతూ కూర్చుంటే ఇంకొకరు చేసేస్తారు.

వెంకటరమణ ఎం.:
రాజేష్ గారు చెప్పిన ఉదాహరణలు సరైనవే, వాటి నుంచి తీసిన నియమం మాత్రం సరికాదు. ఆసు సంగతే చూద్దాం. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది, నాలుగైదు గంటలు పడుతుంది. యంత్రం దాన్ని గంటన్నరకు తెచ్చింది. ఇక్కడ నొప్పి ఎంత తీవ్రమన్నది ఒక్కటే లెక్క కాదు. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, అదే పని ఆ ప్రాంతంలో నేత పని చేసే ఇళ్లన్నిటా జరుగుతుంది, ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది. అంటే ఆ నొప్పి ఆ ఇంటి సంపాదనకు నేరుగా అడ్డం పడుతోంది. అందుకే యంత్రానికి పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందని నేతన్నకు ఎవరూ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంకొకటి. ఆ పని 1992లో మొదలై 1999లో పూర్తయింది. దారాన్ని ఒక్కో మేకు మీదుగా తిప్పే కదలిక దగ్గరే ఆయన ఏళ్ల తరబడి ఆగిపోయారు. ఏం చేయాలో చిరాకు చెప్పగలదు, ఎలా చేయాలో చెప్పదు. రెడ్‌బస్ కూడా అంతే. టికెట్ దొరకనివాడికి కనిపించింది ఖాళీ సీటు లేకపోవడం. ఆపరేటర్లతో, ఏజెంట్లతో మాట్లాడాకే అసలు విషయం బయటపడింది: ఏ బస్సులో ఎన్ని సీట్లు ఉన్నాయో ఒకచోట ఎవరికీ తెలియదు, అంతా ఫోన్ల మీదే నడుస్తోంది.

శ్రావ్య గారూ, మీ ట్యాంకునే తీసుకుని లెక్క వేద్దాం. మామూలు ఇల్లు, 1 హెచ్‌పీ మోటారు, నిమిషానికి 40 లీటర్లు ఎక్కిస్తుందనుకోండి. నెలకు మూడుసార్లు మరిచిపోయి, ఒక్కోసారి పావుగంట పొర్లిందనుకుంటే ఒక్క విడతకు 600 లీటర్లు పోతాయి. ఆ పావుగంటకు కరెంటు సుమారు పావు యూనిట్. సొంత బోరు ఉన్న ఇంటికి చేతి నుంచి పోయేది నెలకు పది రూపాయలు కూడా ఉండదు. చిరాకు నిజమే, నష్టం మాత్రం అంత చిన్నది. అదే నీళ్లు ట్యాంకర్‌తో తెప్పించుకునే హాస్టల్‌కు లెక్క మారిపోతుంది. 5,000 లీటర్ల ట్యాంకరుకు రూ.800 అనుకుంటే ఒక్క పొర్లుకు రూ.96, నెలకు మూడుసార్లయితే దాదాపు రూ.290. నీళ్లు పోయిన చికాకు రెండుచోట్లా ఒకటే. డబ్బు పెట్టడానికి కారణం ఒకచోటే ఉంది.

అందుకే జాబితాలో చిరాకు పక్కన ఇంకో మూడు విషయాలు రాయమంటాను: నెలకు ఎన్నిసార్లు, నష్టం ఎవరి జేబు నుంచి, దాన్ని తట్టుకోవడానికి జనం ఇప్పటికే ఏం చేస్తున్నారు. మూడోది ముఖ్యం. చాలామంది దుకాణంలో వందా రెండొందలకు దొరికే, నీళ్లు నిండగానే పాటో మాటో వినిపించే అలారం తెచ్చి పెట్టుకున్నారు. మీకు పోటీ ఇంకో కంపెనీ ఆటోమేటిక్ కంట్రోలర్ కాదు, ఆ అలారమే. అలారం మోగుతుంటే లేచి వెళ్లి స్విచ్ ఆపడం వాళ్లకు సరిపోతోంది.

సుధాకర్ (ఎలక్ట్రీషియన్, ఖమ్మం):
రమణ గారు లెక్క చెప్పారు, నేను వస్తువు సంగతి చెప్తాను. నీళ్లలో లోహపు రాడ్లు వేసి వాటికి డీసీ కరెంటు ఇచ్చే సెన్సర్లు మా బోరు నీళ్లలో నిలవవు. తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, రాడ్ కూడా తినేస్తుంది. ట్యాంకు నిండినా మోటారు ఆగదు. అయస్కాంతం ఉన్న చిన్న ఫ్లోట్‌లైతే ఉప్పు పట్టి కడ్డీ మీద బిగుసుకుపోతాయి. మూతకు పెట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్‌ ముఖం మీద ఆవిరి చుక్కలు పడితే తప్పు కొలత చూపిస్తుంది. చవకవాటికి మొదటి 20, 25 సెంటీమీటర్ల దూరం కనపడనే కనపడదు. ట్యాంకు నిండేది సరిగ్గా అక్కడే కదా.

అన్నిటికంటే మొండిగా పనిచేసేది తీగకు వేలాడే పెద్ద ఫ్లోట్ స్విచ్. దాన్ని కూడా మోటారు లైనులో నేరుగా పెట్టకూడదు. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఆ తర్వాత స్విచ్ ఉన్నా లేనట్టే. ఫ్లోట్‌తో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ కాయిల్‌ను నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. ఇంతకీ జనం వద్దనేది వస్తువును కాదు. మూడంతస్తుల మీద నుంచి కింద స్టార్టర్ దాకా గోడ మీద వైరు లాగడాన్ని వద్దంటారు.

పెద్ద ప్రమాదం ఇంకొకటి. మనిషి మోటారు వేసినప్పుడు పైన నీళ్లు పడుతున్న చప్పుడు వింటాడు. సంపు ఖాళీ అయితే, బోరు తగ్గితే అతనికి తెలుస్తుంది. ఆటోమేటిక్ పెట్టాక ఆ వినేవాడు లేడు. ట్యాంకు నిండలేదు కాబట్టి మోటారు వట్టిగానే తిరుగుతుంది, వైండింగ్ కాలిపోతుంది. పది రూపాయల నష్టం ఆపబోయి రీవైండింగ్ ఖర్చు తెచ్చుకున్నట్టు. నీళ్లు లేనప్పుడు మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. దాన్ని చూసి ఆపేసే డ్రై రన్ రిలే లేకుండా ఏ కంట్రోలరూ బిగించొద్దు.

పద్మావతి:
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. వాచ్‌మన్ రాత్రి మోటారు వేసి నిద్రపోతున్నాడు, పొద్దున లేచేసరికి మెట్ల మీదంతా నీళ్లు. ఎండాకాలం ట్యాంకర్లు తెప్పిస్తాం. ఏ కంట్రోలర్ కొనమంటారు? త్రీఫేజ్ మోటారు.

సుధాకర్:
మేడమ్, ఇక్కడి చర్చ అది కాదు గానీ చెప్తాను. త్రీఫేజ్ అంటే మీకు డీఓఎల్ స్టార్టర్ ఉండే ఉంటుంది, దాని కాయిల్ లైనులో ఫ్లోట్ స్విచ్ కలపొచ్చు. సంపులో ఇంకో ఫ్లోట్ పెట్టించండి, సంపు ఖాళీ అయితే మోటారు లేవకుండా. ఫేజ్ పోయినప్పుడు ఆపేది కూడా ఉందో లేదో చూపించుకోండి. మెయిన్ ఆఫ్ చేయించకుండా ఎవరినీ ప్యానెల్ తెరవనివ్వకండి.

వెంకటరమణ ఎం.:
పద్మావతి గారు దారి తప్పారని అనుకోను. శ్రావ్య గారూ, పై లెక్కలో మనం వెతికిన కొనుగోలుదారు ఈవిడే. నీళ్లకు డబ్బు కడుతున్నారు, నష్టం అందరి కంటా పడుతోంది, ఖర్చు అసోసియేషన్ భరిస్తుంది. మీ జాబితాలో మాత్రం ఈవిడ లేరు, ఎందుకంటే జాబితా మీ చిరాకులది. ఇలాంటి అపార్ట్‌మెంట్లు ఒక పది తిరిగి, "ఇలాంటిది కొంటారా?" అని అడక్కండి. మొహమాటానికి అందరూ కొంటామంటారు. పోయినసారి ఎప్పుడు పొర్లింది, ఆ రోజు ఏం చేశారు, దేనికి ఎంత ఖర్చయింది అని అడగండి. తేదీ గుర్తులేనివాళ్లు, ఖర్చు చెప్పలేనివాళ్లు కొనరనే లెక్క వేసుకోండి.

నరసింహారెడ్డి (నల్లగొండ):
ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. చిరాకుకు కారణం ఎవరి చేతిలో ఉందో చూడాలి. మా దగ్గర వ్యవసాయ కరెంటు విడతలవారీగా, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చేది. చీకట్లో పొలానికి పోవడం పాముల మధ్య ప్రాణాల మీదికి వచ్చే పని. అందుకే ఆటోస్టార్టర్ రాష్ట్రమంతా పాకింది, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. ఇంతకంటే గట్టి చిరాకు ఉంటుందా? కానీ ఆ ఫీడర్ మీద మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది, అవసరం లేని నీళ్లు కూడా భూమిలోంచి వస్తాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల ఉచిత కరెంటు అన్నారు, దానితోపాటే ఆటోస్టార్టర్లు తీసేయమన్నారు. ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో చిరాకు కారణమే మారిపోయింది. ఆ సరుకు మీద బతికేవాళ్లకు ఇది ముందే తెలియాల్సిన విషయం.

రాజేష్ కె.:
రెడ్డి గారూ, ఆ వాదన రెండువైపులా నడుస్తుంది. ఆ చిరాకు ఉన్నన్నాళ్లు ఆటోస్టార్టర్లు అమ్మినవాళ్లకు వ్యాపారం జరిగింది కదా. పుణె దగ్గర ఫోన్‌తో పంపు ఆన్ చేసే నానో గణేశ్ కూడా, ముసలి తాత రాత్రిపూట పొలానికి నడవాల్సి రావడం చూసి మొదలైందే. వెంకటరమణ గారి లెక్కల పద్ధతి ఒప్పుకుంటాను, కానీ రూ.96 లెక్క వేసుకుంటూ కూర్చునేవాడు ఏడేళ్లు ఆసు మీద కూర్చోడు. అంత ఓపిక ఇచ్చింది తల్లి భుజం నొప్పే. దాన్ని మీరు ఏ గడిలో రాస్తారు?

వెంకటరమణ ఎం.:
ఓపిక అక్కడినుంచే వస్తుంది, కాదనను. కానీ అదే ఓపికతో ఎవరికీ అక్కరలేని వస్తువు మీద ఏళ్లు పోసినవాళ్లూ ఉంటారు, వాళ్ల పేర్లు మనకు వినపడవు. మల్లేశం గారి ఇంట్లో ఉన్న బాధే పక్కింట్లోనూ ఉంది, ఆ సంగతి ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊళ్లో వేరేచోట కొలవాల్సిన అవసరం లేకపోవడం ఆయనకు దొరికిన వెసులుబాటు. ట్యాంకు విషయంలో అలా లేదు.

శ్రావ్య:
ఇళ్లను పక్కనపెట్టి అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు తిరుగుతాం. సుధాకర్ గారూ, ఒక సందేహం. వైరు లాగకుండా పైన బ్యాటరీతో రేడియో సెన్సర్ పెడితే, బ్యాటరీ అయిపోయినప్పుడు మోటారు ఆగిపోవాలా, నడుస్తూ ఉండాలా?

సుధాకర్:
ఆగిపోవాలి. కానీ ఆగిపోతే ఐదంతస్తులకూ నీళ్లు ఉండవు, వాచ్‌మన్ విసుగొచ్చి మీ పెట్టె తీసేసి పాత స్విచ్‌కు వైరు కలిపేస్తాడు. చేత్తో వేసుకునే స్విచ్ ఒకటి మీరే ఇవ్వాలి, అరగంట తర్వాత దానంతటదే ఆగేలా. బ్యాటరీ మార్చేది ఎవరో మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎండాకాలం ట్యాంకు మూత మీద వేడికి మామూలు సెల్లులు ఎన్నాళ్లు ఆగుతాయో బిగించి చూస్తేనే తెలుస్తుంది.