ఒకే వేగం, ఒకే బరువు: నాకే ఎక్కువ ఆక్సిజన్ ఎందుకు ఖర్చవుతోంది?

శ్రమ మరీ తీవ్రం కాని ఒక స్థిరమైన వేగంతో పరుగెత్తేటప్పుడు శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో అదే రన్నింగ్ ఎకానమీ అని, అది ఎంత తక్కువైతే పరుగు అంత పొదుపైనదని నాకు అర్థమైంది. ఇటీవల నేనూ, నా సహచరుడూ ఆక్సిజన్ వాడకాన్ని కొలిచే మాస్కు పెట్టుకుని ట్రెడ్‌మిల్‌పై గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తాం. ఇద్దరి బరువూ 60 కిలోలే, బూట్లూ ఒకే రకం. అయినా కిలో బరువుకు నిమిషానికి ఆయన 40 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడితే నేను 44 వాడాను. లీటరు ఆక్సిజన్‌కు సుమారు 5 కిలోకేలరీల చొప్పున గంటకు ఆయనకు 720, నాకు 792 కిలోకేలరీలు ఖర్చవుతాయన్నమాట.

వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే, నా పాదం మోకాలి కంటే బాగా ముందుకు వెళ్లి నేలను తాకుతోంది, తల కూడా అడుగడుగునా ఆయన కంటే ఎక్కువగా పైకి లేస్తోంది. అంటే ప్రతి అడుగులోనూ కొంత వేగానికి నేనే అడ్డు వేసుకుని, దాన్ని మళ్లీ కండరాలతో పుట్టించుకుంటున్నానా? లేక ఆయన మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయువు బిగువుగా ఉండి, స్ప్రింగులా ఎక్కువ శక్తిని తిరిగి ఇస్తోందా? నాకు మొదటి కారణమే బలంగా తోస్తోంది. నిమిషానికి వేసే అడుగులను 5 శాతం పెంచి, అదే వేగంతో మళ్లీ కొలిస్తే ఈ రెండింటిలో ఏది కారణమో తేలుతుందా? కొత్త పరుగు తీరుకు శరీరం అలవాటు పడడానికి ముందే కొలిస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుందేమో, అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.