నడుంనొప్పి అవగాహన వారానికి క్యాప్షన్ కావాలి, మాట సాయం చేయండి

రాయగడ రిసెప్షన్: మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో వచ్చే వారం నడుంనొప్పి ఉన్నవాళ్లకి అసెస్‌మెంట్ స్లాట్లు ఇస్తున్నాం. ఒక్కొక్కరికి అరగంట. నేను రాసిన క్యాప్షన్ ఇది: "నడుంనొప్పికి సెలవు చెప్పండి! ఆపరేషన్ లేకుండా ఉపశమనం." మేడమ్ వద్దన్నారు. నయం చేస్తామని ఎక్కడా అనలేదు కదా?

గుణుపూర్ శ్రీను: ఆపరేషన్ మాట తీసేసి "90 శాతం మందికి ఫలితం" అని పెట్టండి. అంకె ఉంటే జనం నమ్ముతారు.

పర్లాకిమిడి ఫిజియో: శ్రీను గారూ, అంకె పెడితే అదీ హామీయే. కొత్తగా పట్టిన నడుంనొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. దాన్ని మన ఖాతాలో వేసుకోకూడదు. "సెలవు చెప్పండి" కూడా మాట ఇచ్చినట్టే. ఆ అరగంటలో ఏం చేస్తారో అదే రాయండమ్మా:

"బస్తా ఎత్తినా, వంగి నాట్లు వేసినా నడుం పట్టేస్తోందా? నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పనికి పెరుగుతోంది అని అడిగి తెలుసుకుంటాం. వంగడం, పడుకుని కాలు ఎత్తడం, పాదాల బలం చూస్తాం. వ్యాయామం మొదలుపెట్టొచ్చా, ముందు డాక్టరుకి చూపించాలా అనేది చెబుతాం. ఆ రోజు చికిత్స ఉండదు. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గుతున్నా స్లాట్ కోసం ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి."

"చికిత్స ఉండదు" అన్న ముక్క తీసేయొద్దు. లేకపోతే కరెంటు పెడతారనుకుని వచ్చినవాళ్లు గొడవ పడతారు.

జయపురం అబ్బాయి: మా నాన్నకి ఎమ్మారైలో డిస్క్ ఉబ్బిందని రాశారు. స్లాట్ దొరుకుతుందా అండీ?

పర్లాకిమిడి ఫిజియో: బాబూ, అది రాయగడ వాళ్లని అడగాలి. వెళ్తే రిపోర్టు పట్టుకెళ్లండి. నొప్పే లేనివాళ్ల స్కానింగ్‌లో కూడా ఆ ఉబ్బు కనబడుతుంటుంది, అందుకే మనిషిని చూడాలి. నాన్నగారు మడమల మీద నాలుగడుగులు వేయగలుగుతున్నారా? నడిచేటప్పుడు పాదం ఈడుస్తుంటే వారం దాకా ఆగకుండా ముందే డాక్టరుకి చూపించండి.

జయపురం అబ్బాయి: ఎడమ పాదం కొంచెం ఈడుస్తున్నారు. ఈరోజే తీసుకెళ్తాను.

గుణుపూర్ శ్రీను: అదంతా సరే, మూత్రం, తిమ్మిరి అని రాస్తే జనం భయపడరా? ఒక్కరూ బుక్ చేసుకోరు.

పర్లాకిమిడి ఫిజియో: అలాంటి కేసు అరుదే, నిజం. కానీ వెన్ను కింది నరాలు నలిగినప్పుడు ఆలస్యమైతే మూత్రం పట్టు మళ్లీ రాకపోవచ్చు. ఆ వాక్యం బొమ్మ మీదే పెట్టమంటాను. వాట్సాప్‌లో బొమ్మ ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది, కింద రాసింది చాలాసార్లు రాదు.

రాయగడ రిసెప్షన్: బొమ్మ మీద తెలుగులో, ఒడియాలో వేయిస్తాను. ఫీజు సంగతి మేడమ్ ఇంకా తేల్చలేదు. ఉచితం అయితే పైనే రాయనా?

గుణుపూర్ శ్రీను: పెద్ద అక్షరాల్లో రాయండి.

పర్లాకిమిడి ఫిజియో: రాస్తే, తర్వాతి సిట్టింగులకి డబ్బు తీసుకుంటామనీ అదే సైజులో రాయాలి. ఉచితం పెట్టాలా వద్దా అన్నది మాత్రం మీ మేడమ్ ఇష్టం.