గండికోట లోయలో మనిషి చిన్నగా, పంచె కండువా తెలిసేలా: 24 ఎంఎంతో దగ్గర నుంచా, 70తో దూరం నుంచా?

జమ్మలమడుగు శీను:
ఒక పెద్దాయన షష్టిపూర్తికి గండికోటలో ఫోటో తీయాలి. పెన్నా లోయ మొత్తం కనిపించాలి, నాన్న అందులో చిన్నగా ఉండాలి, కానీ చూడగానే నాన్నేనని తెలియాలంటున్నారు పిల్లలు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, ఎర్ర అంచు కండువా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే తీరు ఆయన గుర్తులు. ఇచ్చేది 12×18 అంగుళాల ప్రింట్. నా దగ్గర 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ బాడీ, 24-70 లెన్స్ ఉన్నాయి. 24తో దగ్గర నుంచి తీయాలా, 70తో వెనక్కి వెళ్లి తీయాలా?

టెలి రాజు:
70 పెట్టు, రెండో మాట లేదు. 24తో తీస్తే మనిషి చీమ అయిపోతాడు. జూమ్ చేస్తే వివరం దానంతటదే వస్తుంది. ఎదుటి కొండ కూడా పెద్దగా లేచి కనిపిస్తుంది.

కెమెరా మాస్టారు:
రాజు, కొండ గురించి నువ్వన్నది నిజమే. వివరం గురించి మాత్రం కాదు. మనిషి ఎత్తు 1.7 మీటర్లు అనుకుందాం. 24తో 50 మీటర్ల దూరం నుంచి తీస్తే సెన్సర్ మీద ఆయన దాదాపు 0.8 మిల్లీమీటర్లు, అంటే 136 పిక్సెళ్ల ఎత్తు వస్తాడు. 70తో అంతే సైజు కావాలంటే ఆయన నుంచి దాదాపు 146 మీటర్ల దూరానికి పోవాలి. అప్పుడూ అవే 136 పిక్సెళ్లు. ఫ్రేములో మనిషి ఎంత ఎత్తున్నాడో అంతే వివరం, లెన్స్ ఏదైనా ఒకటే. పైగా దూరం పెరిగితే మధ్యలో గాలి, దుమ్ము, ఎండ ముదిరాక సెగ కూడా తోడవుతాయి.

శీను, కాబట్టి లెన్స్‌ను లోయ కోసం ఎంచుకో. లోయ పరుచుకుని కనిపించాలంటే 24, ఎదుటి కొండ మీదికొచ్చి పడేలా ఉండాలంటే 70. మనిషి సంగతి వేరుగా చూడాలి. 12×18 ప్రింట్‌లో ఆ 136 పిక్సెళ్లు సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు. గోడకు పెట్టి మీటరు దూరం నుంచి చూస్తే మనిషి నిలబడ్డ తీరు తెలుస్తుంది. ఎర్ర అంచు అయిదు సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకో, ప్రింట్‌లో అది 0.3 మిల్లీమీటర్లు. అంత దూరం నుంచి కంటికి అందే హద్దు దాదాపు అదే.

అసలు చాలామంది దెబ్బతినేది ఫోకస్ దగ్గర. ముందున్న రాయి, వెనకున్న కొండ రెండూ షార్ప్‌గా రావాలని హైపర్‌ఫోకల్ చూసి పెడతారు. 24 ఎంఎం, ఎఫ్/8కి యాప్ 2.4 మీటర్లు చెబుతుంది. అక్కడ పెడితే 50 మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద దాదాపు 5 పిక్సెళ్ల మసక పడుతుంది. కొండకు అది పెద్ద లెక్క కాదు. 136 పిక్సెళ్ల మనిషికి మాత్రం కండువా అంచు మొత్తం పోయినట్టే. ఫోకస్ ఆయన మీదే పెట్టు. ముందు రాళ్లు మూడు మీటర్ల దూరం నుంచి ఎలాగూ బాగానే ఉంటాయి.

అరకు అమ్మాయి:
నాక్కూడా ఇలాంటిదే కావాలి! ఫోన్‌లో పైనా కిందా బ్లర్ చేస్తే మనుషులు బొమ్మల్లా చిన్నగా కనిపిస్తారు కదా, అది ఏ యాప్‌లో వస్తుంది?

కెమెరా మాస్టారు:
అది వేరే ఎఫెక్ట్ అమ్మా. ఇక్కడ మాట్లాడేది బ్లర్ లేకుండా చిన్నగా చూపించడం గురించి.

కుంచె పద్మ:
నేను బొమ్మలు వేసేదాన్ని, నాకు లెన్స్ లెక్కలు రావు. కానీ ఇంత చిన్న మనిషిని గుర్తుపట్టించేది బట్టల మీది వివరం కాదు, నీడలా కనిపించే ఆకారం. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808-1810 మధ్య వేసిన సముద్రం ఒడ్డున సన్యాసి బొమ్మ చూడండి. పెద్ద ఆకాశం కింద ఆ సన్యాసి చాలా చిన్నగా ఉంటాడు, అయినా పొడుగు అంగీ, నిలబడ్డ తీరు తెలుస్తాయి. మొదట ఫ్రీడ్రిక్ సముద్రం మీద ఓడలు కూడా గీసి, తర్వాత వాటి మీద రంగు వేసేశాడు. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో అవి బయటపడ్డాయి. ఓడ కొయ్యలు ఉంటే సన్యాసి ఒంటరి నిలువు గీత అయ్యేవాడు కాదు. శీను గారూ, మీ పెద్దాయన పక్కన చెట్టు గానీ, కోట బురుజు గానీ, ఇంకో టూరిస్టు గానీ పడకుండా చూసుకోండి.

ఇంకో మాట. చేతులు వెనక్కి కట్టుకున్న మనిషిని ఎదురుగా తీస్తే తెల్ల లాల్చీలో చేతులు కలిసిపోతాయి, చేతుల్లేని మనిషిలా ఉంటాడు. వెనక నుంచి, కాస్త పక్కకు తిరిగి నిలబెట్టి, మోచేయికీ నడుముకూ మధ్య సందు వదలమనండి. ఆ సందులోంచి వెనక కొండ రంగు కనబడితేనే భంగిమ తెలుస్తుంది.

జమ్మలమడుగు శీను:
పద్మ గారూ, పొద్దున మా అసిస్టెంట్‌ను పంచె కట్టించి నిలబెట్టి చూశా. మీరన్నట్టు పక్కకు తిరిగినప్పుడే మోచేయి తెలుస్తోంది. కానీ ఎండ పడిన వైపు పంచె తెల్ల కాగితంలా కొట్టుకుపోయింది, మడత ఒక్కటీ లేదు. ఇంకోటి, పిల్లలకు వాట్సాప్‌లో పంపితే "నాన్న ఎక్కడ?" అని అడిగారు.

కెమెరా మాస్టారు:
తెలుపుకు చూసి ఎక్స్‌పోజర్ తగ్గించు, లోయ నీడను రా ఫైల్‌లో తర్వాత లేపుకోవచ్చు. కొండకు చూసి ఎక్స్‌పోజ్ చేస్తే పంచె తిరిగి రాదు. పొద్దు పక్క నుంచి తగిలే వేళలో తీస్తే మడతల్లో నీడ పడుతుంది, అది పంచె అని తెలిసేది ఆ నీడతోనే.

వాట్సాప్ సంగతికొస్తే, 6000 పిక్సెళ్ల ఫోటో ఫోన్ తెర మీద 1080కి కుదించుకుంటే మనిషి 24 పిక్సెళ్లే. మోచేయి దగ్గర పది సెంటీమీటర్ల సందు ప్రింట్ ఫైల్‌లో 8 పిక్సెళ్లు ఉంటుంది, ఫోన్‌లో ఒకటిన్నర కూడా ఉండదు. ఫోన్‌కు నిలువుగా వేరే క్రాప్ చేసి ఇవ్వు. ఒకే ఫైల్‌తో రెండు పనులూ కావు.

ఆల్బమ్ డిజైనర్ బాబు:
ఇంత కష్టమెందుకన్నా? పెద్దాయన్ని దగ్గర నుంచి విడిగా తీసి, ఫోటోషాప్‌లో లోయలో పెట్టేయ్. మేం పెళ్లి ఆల్బమ్‌లకు రోజూ చేసే పనే.

కెమెరా మాస్టారు:
విడిగా తీసి 136 పిక్సెళ్లకు కుదిస్తే మళ్లీ అవే 136. కాస్త నీటుగా వస్తాడు, అంతే. నీడ దిక్కు తప్పితే మాత్రం దొరికిపోతావు.

ఆల్బమ్ డిజైనర్ బాబు:
అదే సైజులో ఎవరు పెట్టమన్నారు మాస్టారూ? పాతిక శాతం పెంచి పెట్టు. పక్కన కొలవడానికి ఏముంది, రాళ్లేగా! అంచు కనబడుతుంది, మోచేయి కనబడుతుంది, కస్టమర్ హ్యాపీ.

కుంచె పద్మ:
మేం బొమ్మల్లో ఆ మాత్రం పెంచుతాం, దాచేదేమీ లేదు. నేనైతే మనిషిని కదపకుండా కండువానే మారుస్తాను. వెడల్పాటి ఎర్ర అంచున్నది వేయిస్తే దూరానికి తెలుస్తుంది.

టెలి రాజు:
కండువా మార్చితే ఆయన కండువా కాదు కదా అది. పెంచితే లోయ లోతు అబద్ధం అవుతుంది. అసలు ఫోటో అడిగిందే లోయ ముందు మనిషి ఎంతో చూపించడానికి.

ఆల్బమ్ డిజైనర్ బాబు:
ఇంటి గోడ మీద పెట్టుకునే ఫోటో అన్నా, సర్వే మ్యాప్ కాదు.

కెమెరా మాస్టారు:
నాకు పెంచడం ఇష్టం ఉండదు, ఇంట్లోవాళ్లకు చెప్పి చేస్తే కాదనను. కానీ 50 మీటర్లను 40 చేస్తే 170 పిక్సెళ్లు వస్తాయి, అదీ పాతిక శాతమే. అడుగులు ముందుకు వేస్తే వచ్చేదానికి ఫోటోషాప్ దేనికి?

జమ్మలమడుగు శీను:
ముందుకు జరిగి చూస్తా. ఇంకో తంటా ఉంది. వీపు తిప్పి నిలబడమంటే పెద్దాయన "ముఖం లేకుండా నా షష్టిపూర్తి ఫోటో ఏంది?" అంటున్నాడు. పిల్లలేమో అదే కావాలంటున్నారు.

కుంచె పద్మ:
ఈ సైజులో ముఖం ఎటూ 18 పిక్సెళ్లు దాటదని ఆయనకు చూపించండి. ముఖానికి ఇంకో ఫోటో తీసి ఇవ్వండి.

టెలి రాజు:
ఆయన్ని అంచు దాకా మాత్రం పంపకు శీనూ. అక్కడ రాళ్లు పలకలుగా ఉంటాయి. మూడు నాలుగు మీటర్లు వెనకే నిలబెట్టి కెమెరాను కిందికి దించు, ఆయనకూ అంచుకూ మధ్యలో ఉన్న బండ కనబడదు. తల ఎక్కడ పడుతుందో చూసుకో, కొండ గీత మీద పడితే తల తెగినట్టుంటుంది.

జమ్మలమడుగు శీను:
కిందికి దించితే తల ఆకాశంలోకి పోతోంది అన్నా, తెల్ల జుట్టు, తెల్ల ఆకాశం. తలపాగా చుట్టించమంటారా?

టెలి రాజు:
ఆయన రోజూ చుట్టేవాడైతే చుట్టించు. కాకపోతే కెమెరాను జానెడు పైకెత్తు, తల వెనక కొండ నీడ వచ్చేదాకా.